పది గంటల వెలుతురు

వెనక్కి తిరిగొచ్చిన ముందుపన్ను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, దూది మీద, తనకేమీ తెలియనట్టు మెరుస్తూ ఉంది. ఓనరు ఆ డబ్బాని రెండు బల్లల మధ్య, ఎవరి ముందు పెట్టాడో తేల్చి చెప్పలేని చోట పెట్టి, చేతులు నడుం మీద వేసుకుని నిలబడ్డాడు.

ఇది రెండోసారి అన్నాడు. పక్క పళ్ళ కంటే ఈ ఒక్కటీ తెల్లగా, నోట్లో దీపం పెట్టినట్టు కనిపిస్తోందట. పేషెంటు పిల్లలకి పాఠం చెప్పుకునే మనిషి, పాపం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాఠాలు చెబుతోందట. ఇంకోసారి ఇలా జరిగితే వేరే ల్యాబు చూసుకుంటానని డాక్టరు మొహం మీదే చెప్పాడట. ఓనరు ఇదంతా చెబుతున్నంతసేపూ మోటారు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా మోటారు ఆపి విన్నారు. అంతకంటే మంచి వినోదం ఆ గదిలో దొరకడం కష్టం.

అది పళ్ళు తయారుచేసే ల్యాబు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే ఇక్కడ పళ్ళు తయారవుతాయి. ఒక బల్ల మీద పంటి ఆకారాన్ని మైనంతో చెక్కుతారు. దాన్ని లోహంలోకి పోతపోస్తే సన్నని తొడుగు వస్తుంది. పక్క బల్ల మీద ఆ తొడుగుకి పింగాణీ పొడిని తడిపి, కుంచెతో పొర మీద పొర పెట్టి, కొలిమిలో కాలుస్తారు. మొదటి బల్ల ఆవిడని అందరూ మైనం అంటారు, రెండో బల్ల ఆవిడని పింగాణీ అంటారు. ఈ పేర్లు ఒకరికొకరు పెట్టుకున్నవే. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు జీతం రోజున తప్ప వాళ్ళకే గుర్తుకు రావు. పింగాణీ వయసులో పెద్దదే అయినా వాళ్ళ మధ్య అక్కా చెల్లీ అన్న పిలుపులు లేవు, నువ్వంటే నువ్వే.

పంటి రంగు చూసుకు రావడం మైనం పని. పక్క వీధిలోనే క్లినిక్. రంగుల పట్టీలోని నమూనా పళ్ళు ఒక్కొక్కటీ పేషెంటు పంటి పక్కన పెట్టి, ఏది కలిస్తే దాని నంబరు రాసుకొస్తుంది. పింగాణీ ఆ నంబరు ప్రకారం పొడి కలుపుతుంది. రెండుసార్లూ నంబరు ఒకటే, పొడి ఒకటే, తెలుపూ అదే.

"నేను తెచ్చిన నంబరు సరైనదే సార్," అంది మైనం, ఎవరూ అడగకముందే.

పింగాణీ డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. పన్నుని చిటికెన వేలి మీద పెట్టుకుని కాసేపు చూసింది, తల అటు తిప్పి మళ్ళీ చూసింది. తర్వాత పాలిషింగు మోటారు పక్కకి వచ్చి, తనే స్విచ్ వేసి, ఆ రొదలో మైనం చెవి దగ్గరికి వంగింది.

"రంగు ఎప్పుడు చూశావే? డాక్టరు పని మొదలెట్టక ముందా, అయ్యాకా?"

ఈ ప్రశ్న మైనానికి సూదిలా గుచ్చుకుంది. ఆ రోజు పొద్దున్నించీ ఆమెకి ఏదీ కలిసిరాలేదు. పోతలో రెండు తొడుగులు బుడగలొచ్చి పాడయ్యాయి, మైనం వేడిచేసే దీపం వత్తి ఆరిపోతూ ఉంది, ఇప్పుడు నేరం కూడా తన మీదికే వస్తోంది. మోటారు ఆగిపోయినా ఆమె గొంతు మోటారు స్థాయిలోనే ఉండిపోయింది.

"నన్నడుగుతావేం? నీ ఎడమ కంటికి పొర వస్తోందని, అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయని నాతో అన్నది నువ్వు కాదూ? కళ్ళు సరిగా లేనప్పుడు ఈ బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యాలి. నా మీద తోస్తే ఎలా?"

పింగాణీ తన బల్ల దగ్గరికి వెళ్ళి కుంచె తీసుకుంది. దాని కొనని పెదాల మధ్య తడిపి సూటిగా చెయ్యడం ఆమెకి అలవాటు, అదీ చెయ్యలేదు. కుంచెని గాజు పలక మీద పెట్టింది, పలక పక్కన తడిగుడ్డ మడత పెట్టింది.

ఓనరు ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పింగాణీతో. ఆ గొంతులో కోపం కంటే లెక్క ఎక్కువ ఉంది. రేపటినుంచి ఆమెని పాలిషింగులో కూర్చోమన్నాడు. పింగాణీ పనికి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటానన్నాడు. అని, ఆ మాటతో సమస్య తీరిపోయినట్టు టీకి వెళ్ళిపోయాడు.

ఆ కంటి సంగతి ప్రపంచంలో మైనానికి ఒక్కదానికే తెలుసు. పింగాణీ తన కొడుకుతో కూడా చెప్పలేదు. మెట్ల మీద భోజనం చేస్తూ, గిన్నె మూత తియ్యకుండానే, ఒక మధ్యాహ్నం మెల్లగా చెప్పింది. ఎవరితో అనకు అని కూడా అనలేదు. అనక్కర్లేదనుకుంది.

*

ఇంటికొచ్చి మైనం బియ్యం కడుగుతుంటే సగం నీళ్ళతో పోయాయి. అత్తగారు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంది. ఎవరి మీద అంత కోపం అని అడిగింది. ఎవరి మీదా లేదని కోడలు చెప్పింది. అయితే బియ్యం మీదే అయ్యుంటుందని అత్తగారు ఒప్పుకుంది.

చివరికి చెప్పక తప్పలేదు. చెప్పడంలో మైనం తన వైపు కొంచెం ఎక్కువ, అటువైపు కొంచెం తక్కువ చెప్పింది. రంగు నంబరు తను సరిగ్గానే తెచ్చిందని రెండుసార్లు చెప్పింది. కంటి మాట వచ్చేసరికి గొంతు తగ్గించింది. అత్తగారు అంతా విని, నోట్లోంచి పైపళ్ళ సెట్టు తీసి నీళ్ళ గిన్నెలో వేసింది. ఆ సెట్టు ఈ ఇద్దరూ కలిసి చేసిందే. తెల్లగా ఉండాలని ముసలావిడ పట్టుబడితే, ఈ వయసులో మల్లెమొగ్గల్లాంటి పళ్ళు పెడితే అద్దెకి తెచ్చుకున్నట్టుంటాయని పింగాణీ నచ్చజెప్పి, కొంచెం పసుపు తిరిగినవి ఏరిపెట్టింది. ఇప్పటికీ అవి కట్టుడు పళ్ళని ఎవరూ పోల్చుకోలేదు.

"దాని పళ్ళు నోట్లో పెట్టుకుని దాన్ని తిట్టలేను, అందుకే తీశాను," అంది అత్తగారు బోసినోటితో. "తీసినా తిట్టడానికేం దొరకడం లేదు. రేపు దాని పుట్టినరోజు కదూ?"

మైనం చేతిలో గిన్నె ఆగిపోయింది. రేపే. ఏటా పింగాణీకి మొదటి ఫోను తనదే. అవతల కొడుకూ కోడలూ లేవకముందే ఫోను మోగాలి, ఇంత పొద్దున్నే నిద్ర పాడుచేశావని తిట్టించుకోవాలి, అదీ పద్ధతి. పోయినేడు తనకి జ్వరం వచ్చి మాట రాకపోతే ఫోనులో గరగర శబ్దం చేసింది. అర్థమైందిలే, థాంక్స్, మందు వేసుకో అని పింగాణీ పెట్టేసింది.

ఫోను చెయ్యాలా మానాలా అన్నది కాదు మైనాన్ని బాధించింది. చెయ్యకుండా ఉండలేనని ఆమెకి తెలుసు. కోపం ఇంకా చల్లారలేదు, నంబరు విషయంలో తనదే రైటని ఇంకా అనుకుంటూనే ఉంది, అయినా ఆ మనిషి బాగుండాలన్న కోరికలో వీసమెత్తు తేడా రాలేదు. ఈ రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో ఆమెకే విసుగ్గా ఉంది.

*

తెల్లారగానే టీ పెట్టి, స్టవ్వు పక్కనే నిలబడి ఫోను చేతిలోకి తీసుకుంది. పేరు మీద వేలు పెట్టింది, తీసేసింది. మోగే ఫోను అప్పటికప్పుడు సమాధానం అడుగుతుంది. ఎత్తితే మంచిగా మాట్లాడాలి, ఎత్తకపోతే తగువు ఇంకా ఉన్నట్టు లెక్క. నిద్ర కళ్ళతో పుట్టినరోజునాడు ఆ తీర్పు పింగాణీ చేత చెప్పించడం న్యాయం కాదనిపించింది. రాసి పెడితే తన తీరికని బట్టి చూసుకుంటుంది, చూడకపోతే లేదు.

రాయడం మొదలుపెట్టింది. పుట్టినరోజు శుభాకాంక్షలు, నిన్న నేనన్నదానికి సారీ, కానీ నువ్వు కూడా అందరి ముందూ నన్ను అలా అడగకుండా ఉండాల్సింది, నేను పొద్దున్నించీ ఎంత చిరాకులో ఉన్నానో నీకు తెలుసు, రంగు విషయంలో నేనెప్పుడూ... ఇక్కడ టీ పొంగింది. స్టవ్వు ఆపి వచ్చి చదువుకుంటే, శుభాకాంక్షలు ఒక ముక్క, వాదన పది ముక్కలు ఉంది. 'కానీ' దగ్గర్నించి అంతా తీసేసింది. తీశాక మిగిలినది చూస్తే కొంచెం ఊపిరాడింది.

తర్వాత క్షమాపణే పూర్తిగా రాద్దామనుకుంది. నన్ను క్షమించు, నిద్ర పట్టలేదు, నువ్వు మాట్లాడకపోతే నేను ఉండలేను, ఒక్క మాట చెప్పు చాలు. ఇది నిజమే, ప్రతి మాటా నిజమే. కానీ చదివితే పుట్టినరోజు ఎవరిదో తెలియకుండా పోయింది. తన నిద్ర, తన బెంగ, తనకి కావలసిన మాట. పింగాణీ పొద్దున్నే లేచి పళ్ళు తోముకోకముందే తనని ఓదార్చాలన్నమాట. అదీ తీసేసింది.

నీకు బాధ కలిగి ఉంటే సారీ అని రాసి తనే మొహం చిట్లించుకుంది. కలిగి ఉంటే ఏమిటి, కళ్ళ ముందే కుంచె కింద పెట్టిన మనిషిని చూసి. కళ్ళజోడు మీద ఒక జోకు తట్టింది. మామూలు రోజైతే పింగాణీ పగలబడి నవ్వేది. ఈ రోజు అది కారం చల్లడమే. అదీ పోయింది.

ఈలోగా మైనం భర్త టీ గ్లాసుతో వచ్చి భుజం మీదుగా చూశాడు. పువ్వులూ కేకూ తిరిగే బొమ్మలుంటాయి, ఒకటి పడేస్తే అయిపోతుంది కదా, దీనికింత తతంగం దేనికన్నాడు. అవి మేనేజర్లకీ వేలువిడిచిన బావలకీ పంపేవి అంది మైనం. నాకు పోయినేడు అదే పంపావని ఆయన గుర్తు చేశాడు.

ల్యాబు వాళ్ళ గ్రూపులో అప్పటికే ఓనరు పెట్టిన కేకు బొమ్మ తిరుగుతోంది. నిన్ననే బల్ల లాక్కుని ఇవాళ కేకు. దాని కింద మోటారు వాళ్ళు దండాలూ చప్పట్లూ పెట్టారు. మైనం కూడా అక్కడ ఒక చప్పట్లు పెట్టేస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే పెట్టలేదు. పదిమందిలో కలిపేసిన శుభాకాంక్ష వెనక దాక్కోవచ్చు, నిన్నటి మాట ఎవరన్నారో ఆవిడే విడిగా వచ్చి నిలబడాలి.

అసలు పింగాణీకి ఏం కావాలని తను కోరుకుంటోంది? ఆయురారోగ్యాలు, సుఖసంతోషాలు అని వేలు అలవాటుగా వెళ్ళబోయింది, ఆపింది. అవి ఎవరికైనా సరిపోతాయి. పింగాణీకి కావలసింది వెలుతురు. ఏ పన్నునైనా పొద్దున పది గంటలప్పుడు, ఉత్తరం కిటికీ దగ్గర చూస్తేనే రంగు తేలుతుందని ఆమె నమ్మకం. ట్యూబులైటు కింద చూసిన రంగు బజారులో చీర కొన్నట్టే అంటుంది. పది దాటి ఎండ పచ్చబడితే, మరో పని చూసుకుంటుంది కానీ రంగు ముట్టుకోదు.

అప్పుడు రాసింది ఇది.

"పుట్టినరోజు శుభాకాంక్షలు పింగాణీ. ఈ ఏడంతా నీకు రోజూ పది గంటల వెలుతురు దొరకాలి. నువ్వు నమ్మి చెప్పింది నేను నలుగురిలో అన్నాను, అది నా తప్పు. దానికి ఇవాళ నువ్వు నాకేమీ చెప్పక్కర్లేదు, జవాబు కూడా రాయక్కర్లేదు. ఇవాళ నీ రోజు. కొడుకు చేత పని చేయించుకో."

చివరి ముక్క ఉంచాలా తియ్యాలా అని ఆలోచించింది. ఏటా అనే మాటే, ఎవరినీ గుచ్చదు. ఉంచింది. నంబరు ఎవరు తప్పారన్నది రాయలేదు. దాని మీద తనకింకా పట్టింపు ఉంది, లేనట్టు రాస్తే అబద్ధమవుతుంది, ఉన్నట్టు రాస్తే తగువవుతుంది. తప్పని తను ఒప్పుకోగలిగినంత మేరకే ఒప్పుకుంది. పంపేసి, ఫోను బోర్లా పెట్టి, చల్లారిన టీ తాగింది.

*

మెసేజ్ కింద గీతలు నీలంగా మారాయి, అంటే పింగాణీ చూసింది. జవాబు రాలేదు.

రాయక్కర్లేదని తనే రాసింది, అయినా లిఫ్టులో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, చేతులు కడుక్కుని ఒకసారి చూసింది. గ్రూపులో మాత్రం పింగాణీ అందరికీ కలిపి థాంక్స్ అని పెట్టింది. గ్రూపులో మైనం ఏమీ పెట్టలేదు కనక ఆ థాంక్స్‌లో తనకి వాటా లేదు. అంత ముచ్చటగా రాసినదానికి ఒక్క అక్షరం కూడా రాదా అని ముందు కోపం వచ్చింది, తర్వాత ఆ కోపం చూసి సిగ్గేసింది. జవాబు అక్కర్లేదని రాసి జవాబు కోసం కాచుకుని ఉంటే అది శుభాకాంక్ష కాదు, వల.

పింగాణీ పాలిషింగులో కూర్చుని ఉంది. కొత్త చీరేమీ కట్టుకోలేదు. మోటారు చక్రం మీద కట్టుడు పళ్ళ అంచులు రుద్దుతోంది. గులాబీ రంగు పొడి ముంజేతుల దాకా పట్టింది. అంత నాజూకైన పనితనం ఉన్న మనిషి చేత ఆ పని చేయించడం చూస్తుంటే మైనానికి ఒళ్ళు మండింది. మండటానికి కారణం తనే అయ్యేసరికి ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియలేదు. పక్కన ఖాళీగా ఉన్న గాజు పలక మీద తడిగుడ్డ ఎండి అట్టలా బిగుసుకుపోయింది.

మెసేజ్ చూశావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే తెల్లారి రాసినదంతా వృథా. మధ్యాహ్నం మెట్ల మీద పింగాణీ పైమెట్టు మీద కూర్చుంది. రోజూ ఇద్దరూ కూర్చునే మెట్టు కింద ఉంది, అది మైనం కోసం ఖాళీగా ఉంచిందో, దూరంగా ఉండమని వదిలిందో తేల్చుకోలేక మైనం తన బల్ల దగ్గరే తినేసింది.

సాయంత్రం ఓనరు, రేపు పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళి ఆ ముందుపన్ను రంగు మళ్ళీ చూసుకు రమ్మన్నాడు. కొత్తగా పింగాణీ పనికి వచ్చే మనిషి ఎల్లుండి వస్తాడని, ఆయన చేత మొదట అదే చేయిస్తానని కూడా అన్నాడు. పింగాణీ వినబడేంత దూరంలోనే ఉంది. చక్రం మీద పన్ను ఒక్కసారి గట్టిగా నొక్కుకుని కీచుమంది.

*

క్లినిక్‌లో ఆ రోజు డాక్టరు ఇంకా రాలేదు. పాఠాలు చెప్పే ఆవిడ ముందే వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. ఊరికే కూర్చోవడం దేనికని మైనం ఆవిడ పెదవుల రంగు తుడవమంది. కిటికీ తెర పక్కకి లాగి, రంగుల పట్టీ తీసి, నమూనాలు నీళ్ళలో తడిపి పెట్టుకుంది. తన నంబరే సరైనదని ఈసారి తేల్చుకుని వెళ్ళాలని ఆమె పట్టుదల. ముందు పాత నంబరు పన్నే పక్కన పెట్టింది.

కలవలేదు. ఏ మాత్రం కలవలేదు. ఆవిడ పళ్ళ మధ్య ఆ నమూనా సున్నం ముక్కలా తెల్లగా ఉంది. మైనం కళ్ళు ఒకసారి గోడ మీద బూడిదరంగు గుడ్డ వైపు తిప్పి, సేదతీర్చి, మళ్ళీ చూసింది. అదే. పట్టీలో ఇంకా ముదురు నంబరు పెడితే సరిగ్గా కలిసిపోయింది. ఇదెలా అని నమూనా వెనక అంకె మళ్ళీ చదువుకుంది. అంకె సరైనదే.

అప్పుడు ఆవిడే అంది, నోటిలో వేళ్ళు ఉండటంతో మాట ముద్దగా. "పోయినసారి మీరు ఆఖర్న చూశారండి. అంతసేపు నోరు తెరిచి, దూది కుక్కి, గొట్టంతో పీల్చి పీల్చి, నా పెదాలు అట్టలు కట్టాయి. ఇవాళ నయం, ముందే చూస్తున్నారు."

డాక్టరు వచ్చాడు. తాత్కాలిక పన్ను తీసి, చుట్టూ దూది పెట్టి, గొట్టం వేలాడదీసి, చిగురు చూస్తూ చాలాసేపు పని చేశాడు. మైనం వెళ్ళిపోకుండా గోడకి ఆనుకుని నిలబడింది. పని అయ్యాక, ఒక్క నిమిషం అని అడిగి, ఆరిపోయిన పళ్ళ పక్కన పాత నమూనాని మళ్ళీ పెట్టింది. ఇప్పుడది అచ్చంగా కలిసింది. తడి లేని పన్ను తెల్లబడుతుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో పింగాణీయే తనకి నేర్పిన సంగతి. ఆ రోజు తనకి తొందరగా ఇంటికెళ్ళాలని ఉంది, డాక్టరు తనని పిలిచింది పని అయ్యాకే, చూసేసి నంబరు రాసుకొచ్చేసింది.

ముందా, అయ్యాకా?

మైనం ఆ ప్రశ్నని ఇప్పుడు మళ్ళీ విన్నది. పింగాణీకి కిటికీ దగ్గర పన్ను చూసినప్పుడే తెలిసిపోయింది. తెలిసి, మోటారు స్విచ్ తనే వేసి, ఆ రొదలో, ఓనరుకి వినపడకుండా అడిగింది. ముందు చూడలేదు అని ఒక్క మాట తను చెవిలో చెప్పి ఉంటే, మళ్ళీ చూసుకొచ్చేవాళ్ళు, పన్ను మళ్ళీ చేసేవాళ్ళు, ఎవరి పేరూ బయటికి వచ్చేది కాదు. తనని కాపాడటానికి వంగిన మనిషి చెవిలోనే తను అరిచింది.

పక్క వీధి దాకా నడుస్తూ ఫోను తీసింది. నువ్వు అనుకున్నదే నిజం అని రాయబోయింది. నిన్నటి శుభాకాంక్షల కింద, జవాబు లేని చోట, ఇది వెళ్ళి కూర్చుంటే పింగాణీకి తెలుస్తుంది, ఓనరుకి తెలియదు. మాట అన్నది గదిలో, పదిమందిలో. సర్దడం మాత్రం ఫోనులో చాటుగానా? ఫోను సంచిలో పడేసింది. తిన్నగా ల్యాబుకే నడిచింది.

ఓనరు పోత దగ్గర ఉన్నాడు. మైనం పట్టీని బల్ల మీద పెట్టి, గొంతు పెంచకుండా, అయితే అందరికీ వినపడేలా చెప్పింది. రంగు తనే తప్పు తెచ్చిందని, పళ్ళు ఆరిపోయాక చూసిందని, రెండుసార్లు తెల్లగా రావడానికి అదే కారణమని, ఇవాళ రెండు విధాలా చూసి సరైన నంబరు తెచ్చిందని. కొలిమికీ పొడికీ పింగాణీ చేతికీ ఇందులో సంబంధం లేదని.

"మరి కన్ను సంగతో?" అన్నాడు ఓనరు.

కన్ను బాగానే ఉందంటే అబద్ధం. లేదంటే మొన్న చేసిన పనే మళ్ళీ చేసినట్టు.

"అది ఆవిడ చెప్పుకోవలసిన సంగతి సార్. నేను చెప్పడం తప్పు. ఇంక నన్నడగొద్దు. ఈ పన్ను చెడగొట్టింది నేను. పాలిషింగులో కూర్చోబెడితే నన్ను కూర్చోబెట్టండి."

ఓనరు నుదురు రుద్దుకున్నాడు. మైనం చెక్కేవాళ్ళని కూడా పాలిషింగులో కూర్చోబెట్టుకుంటూ పోతే చివరికి తనొక్కడే చెక్కుకోవాలని గొణిగాడు. రేపు వచ్చే మనిషిని ఇప్పుడు రావద్దంటే ఏమనుకుంటాడోనని విసుక్కున్నాడు. చివరికి, ఈ పన్ను సంగతి చూద్దాం, ఆ తర్వాత ఆలోచిద్దాం అని పోతలోకి తిరిగాడు.

మైనం పాలిషింగు వైపు చూడకుండా ఉండలేకపోయింది. పింగాణీ చక్రం ఆపలేదు. తలెత్తలేదు కూడా. సాయంత్రం చెప్పులేసుకునేటప్పుడు ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర కలిశారు. పింగాణీ ఒక్క మాట అంది, మొహం చూడకుండా.

"ఆ మాట నేను మర్చిపోలేనే."

"మర్చిపొమ్మనలేదు," అంది మైనం.

అంతే. పింగాణీ మెట్లు దిగి వెళ్ళిపోయింది. మైనం ఇంటికెళ్ళి బియ్యం కడిగింది, ఈసారి నీళ్ళతో పోలేదు.

*

మర్నాడు కొత్త మనిషి వచ్చాడు. తెల్లటి కోటు, సొంత కుంచెల పెట్టె. ఓనరు ఆయన్ని పింగాణీ బల్ల దగ్గర నిలబెట్టి సామాను చూపిస్తున్నాడు. మైనం తన బల్ల దగ్గర దీపం వెలిగించి, సన్నని చాకు వేడిచేసి, దవడపన్ను గుంటలు చెక్కుతోంది. చేతులు పనిలో ఉన్నాయి కానీ మనసు లేదు. చెయ్యగలిగినంత చేసింది. అయినా ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారు. సారీ చెప్పినంత మాత్రాన అన్నీ యథాస్థానానికి వచ్చేస్తే మనుషులు రోజుకి పదిసార్లు నోరు జారుకుంటారేమో అనుకుంది.

బల్ల మీద ఫోను గుర్రుమంది. మైనం అంటిన చేతులతోనే తిప్పి చూసింది.

మొన్నటి పుట్టినరోజు మెసేజ్ కిందే, దానికి జవాబుగా, ఒక ముక్క.

"పది అవుతోంది. కిటికీ దగ్గరికి రా."

తలెత్తి చూస్తే పింగాణీ ఉత్తరం కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముంజేతులకి గులాబీ పొడి లేదు, కడుక్కుని వచ్చింది. ఒక చేతిలో రంగుల పట్టీ, ఇంకో చేతిలో పొద్దున్నే వచ్చి ఎవరినీ అడక్కుండా కాల్చిన ముందుపన్ను. ఓనరు నోరు తెరిచాడు. పింగాణీ ఆయన వైపు తిరగలేదు. గది మొత్తానికి వినపడేలా, మామూలు గొంతుతో, ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నట్టు మైనంతో అంది.

"నాకు ఎడమ కన్ను పచ్చగా చూపిస్తోంది. ఆపరేషన్ అయ్యేదాకా అంతే. కుడికన్నుతో చూసి ఇది సరిపోయిందనుకుంటున్నా. నువ్వు కూడా చూసి చెప్పు."

మైనం లేచింది. చాకు ఇంకా చేతిలోనే ఉందని సగం దారిలో గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళి పెట్టి మళ్ళీ వచ్చింది. పింగాణీ పన్నుని తన చిటికెన వేలి మీద పెట్టి ముందుకు చాపింది. మైనం దాని పక్కన నిన్న కలిసిన నమూనా పెట్టింది. రెండింటినీ తడి చేసింది. గోడ వైపు చూసి కళ్ళకి విశ్రాంతి ఇచ్చి, మళ్ళీ చూసింది. కళ్ళు మసకబారుతున్నాయి. తుడుచుకుంటే తప్ప రంగు చెప్పలేని పరిస్థితి.

"ఏడిస్తే రంగు తెలియదు," అంది పింగాణీ. "తొందరగా కానీ, వెలుతురు పోతుంది."

మైనం మోచేత్తో కళ్ళు తుడుచుకుని, మరోసారి చూసి, సరిపోయిందని చెప్పింది.